ఇంటి గుమ్మంలోనే లెక్క సరిచూసే ఓడీకే

2008లో అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు గేటానో బొరియెల్లో, తన విద్యార్థులతో కలిసి ఓపెన్ డేటా కిట్ పనికి పూనుకున్నాడు. అందరూ దాన్ని ఓడీకే అంటారు. ఆండ్రాయిడ్ ఫోన్లు అప్పుడే వస్తున్నాయి. కెన్యాలో ఇంటింటికీ తిరిగి హెచ్‌ఐవీ పరీక్షలు చేసే ఆరోగ్య కార్యకర్తలు దీన్ని తొలినాళ్లలోనే చేతబట్టారు.

అంతకుముందు కాగితం మీద రాసుకొచ్చినవాటిని ఆఫీసులో కంప్యూటర్‌కు ఎక్కించేవారు. ఒకే ఫారాన్ని ఇద్దరు విడివిడిగా ఎక్కిస్తే టైపింగ్ తప్పులు బయటపడేవి. కాగితం మీదే తప్పు పడితే మాత్రం ఇద్దరూ దాన్నే నమ్మకంగా ఎక్కించేవారు. అప్పటికి ఆ ఇల్లు ఎంతో దూరంలో ఉండేది.

ఓడీకేలో ఫారమూ, దాని నియమాలూ ముందే ట్యాబ్‌లోకి దిగుతాయి. అందుకే సిగ్నల్ లేని ఊళ్లోనూ తనిఖీ ఆగదు. నింపిన ప్రతి ఫారానికీ వేరే ఏ ఫారానికీ లేని ఒక గుర్తింపు ఉంటుంది. నెట్‌వర్క్ దొరికాక పంపుతుంటే మధ్యలో తెగిపోయినా, మళ్లీ పంపితే సర్వర్ దాన్ని కొత్త ఫారంగా లెక్కపెట్టదు.

పోషకాహార సర్వేలో పసిపిల్లల జబ్బ చుట్టుకొలత తీసుకుందాం. ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లలకు 115 మిల్లీమీటర్లకు తగ్గితే తీవ్ర లోపం, 115 నుంచి 124 దాకా ఉంటే మధ్యస్థ లోపం. ఫారంలో నియమం ఇలా రాయొచ్చు:

```
required: yes
constraint: . >= 80 and . <= 220
```

టేపును సెంటీమీటర్లలో చదివి 13 అని కొడితే ట్యాబ్ ముందుకు కదలనివ్వదు. బిడ్డ తల్లి ఒడిలోనే ఉంది కాబట్టి మళ్లీ కొలవొచ్చు. పై వరుసను మరిచిపోకూడదు. గడి ఖాళీగా వదిలేస్తే constraint పట్టించుకోదు, ఆ పని required చేయాలి.

హద్దులను మరీ బిగించడం ఇంకా ప్రమాదం. కింది హద్దు 110 పెడితే, అసలు వెతుకుతున్న బక్కచిక్కిన బిడ్డే ఫారంలోకి రాదు. లేదా విసిగిన కార్యకర్త 110 అని కొట్టేసి ముందుకు సాగుతుంది. అందుకే ఎన్నడూ సాధ్యం కానివాటినే అడ్డుకోవాలి. అరుదైనవాటికి ‘మళ్లీ కొలిచారా?’ అనే అదనపు ప్రశ్న చాలు.

124కు బదులు 142 పడితే? అది హద్దుల్లోనే ఉంది, నియమం నోరెత్తదు. లోపమున్న బిడ్డ ఆరోగ్యవంతుల జాబితాలో చేరిపోతుంది. దీనికి మందు రెండోసారి కొలవడం. రెండు కొలతల తేడా ఐదు మిల్లీమీటర్లు దాటితే ట్యాబ్ మూడోది అడిగేలా ఫారంలో నియమం రాయొచ్చు.

ఇక్కడా ఒక కంత ఉంది. వెనక్కి జరిపి, మొదటి అంకెనే చూసి రెండోసారి కొట్టేయొచ్చు. ఆ సంగతి ట్యాబ్‌కు తెలియదు, పర్యవేక్షకుడికి మాత్రం సాయంత్రం తెలుస్తుంది. టేపుతో నిజంగా రెండుసార్లు కొలిస్తే అప్పుడప్పుడూ ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా వస్తుంది. ఒక కార్యకర్త ఫారాలన్నిటా తేడా సున్నాయే ఉండి, కొలతలు ఎక్కువగా సున్నాతోనో ఐదుతోనో ముగుస్తుంటే, మర్నాడు పర్యవేక్షకుడు ఆమె వెంట ఊళ్లోకి నడవాలి.