ఒళ్లు మండిందంటే మంట కనిపిస్తుందా?

“నీ మాటలు వింటుంటే ఒళ్లు మండిపోతోందిరా” అంది అక్క. తీసుకున్న డబ్బు ఇవ్వకుండా రేపు, ఎల్లుండి అంటూ తిప్పుతున్న తమ్ముడు తడుముకోకుండా “ఫ్యాన్ పెంచమంటావా అక్కా?” అన్నాడు. అలాంటి జవాబుకు అక్క నవ్వినా నవ్వొచ్చు, చెంప పగలగొట్టినా పగలగొట్టొచ్చు. భాషను పరిశీలించేవాళ్లకు మాత్రం ఇక్కడే అసలు తగాదా మొదలవుతుంది. అక్క ఆ మాట అన్నప్పుడు ఆమె మనసులో మంట అనే ఊహ ఉందా? లేక తమ్ముడు ఫ్యాన్ సంగతి ఎత్తాకే అది వచ్చి చేరిందా?

ఉందనే పక్షం పాతది. జార్జ్ లేకాఫ్, మార్క్ జాన్సన్ 1980లో ‘మెటఫర్స్ వి లివ్ బై’ అనే పుస్తకం రాశారు. రూపకం కవుల సొత్తు కాదని, మనం ఆలోచించే తీరే రూపకాల మీద నడుస్తుందని అందులో వాదించారు. దీన్ని భావనా రూపక సిద్ధాంతం అనవచ్చు. భావోద్వేగాల విషయంలో ఈ వాదానికి బలం తెచ్చింది హంగరీకి చెందిన జోల్తాన్ కోవెచెష్. కోపం గురించి ఇంగ్లీషువాళ్లు మాట్లాడే మాటలను ఆయనా లేకాఫూ కుప్పపోసి చూస్తే, మూత పెట్టిన పాత్రలో మరుగుతున్న ద్రవం ఒకటి వాటన్నిటి వెనకా కనిపించింది.

తెలుగులో అదే పని చేసి చూడండి. కోపంతో ఉడికిపోయాడు, లోలోపల కుతకుతలాడాడు, అణచుకున్నాడు, పొంగుకొచ్చింది, వెళ్లగక్కాడు, చివరికి చల్లారాడు. ఇవి విడివిడి మాటలైనా వరసలో పెడితే ఒక కథ అవుతుంది. మనిషి పాత్ర, కోపం లోపలి ద్రవం, వేడి పెరగడమంటే కోపం పెరగడం, పొంగడమంటే అదుపు తప్పడం. ఎవరూ కూర్చుని ఈ కథ నేర్పలేదు. అయినా ‘కాస్త చల్లారాక మాట్లాడు’ అని సలహా ఇస్తాం. వేడి దానంతటదే తగ్గుతుందన్న పాత్ర లక్షణాన్ని కోపానికి అంటగట్టి, దాన్నిబట్టి నడుచుకుంటాం. ఈ సిద్ధాంతానికి అసలు బలం ఇక్కడే ఉంది. ఒక్క మాటను కాక మాటల గుంపును చూపించి, అవి ఎందుకు ఒకే దారిన పోతున్నాయో అది చెప్పగలదు.

దాని బలహీనతా ఆ గుంపులోనే ఉంది. కోపం వేడి అనే భావన ఉందనడానికి రుజువేమిటంటే ఈ మాటలు చూపిస్తారు. ఈ మాటలు ఎందుకున్నాయంటే ఆ భావన ఉంది కనక అంటారు. మాటలను దాటి మరో సాక్ష్యం తేకపోతే గానుగెద్దులా అక్కడక్కడే తిరగాల్సి వస్తుంది.

నెదర్లాండ్స్‌కు చెందిన జెరార్డ్ స్టేన్ 2008లో మరో వైపునుంచి వచ్చాడు. అలవాటుపడిన రూపకాల్లో చాలావాటిని వినేవాడు రూపకాలుగా అర్థం చేసుకోకపోవచ్చని ఆయన అన్నాడు. ‘మండిపోతోంది’కి ‘చాలా కోపంగా ఉంది’ అన్న అర్థం నిఘంటువులోనే స్థిరపడి ఉంటే, మంటను తలుచుకునే పనేముంది? అందుకే స్టేన్ మూడో ప్రశ్న కలిపాడు. మాటలో రూపకం ఉందా, ఆలోచనలో ఉందా అన్నవాటితో పాటు, అవతలివాడి దృష్టిని ఆ రెండో వస్తువు మీదికి మళ్లించేలా మాట నడిచిందా అని అడగాలి. మళ్లిస్తే అది ఉద్దేశపూర్వక రూపకం.

దీన్ని మన అక్కాతమ్ముళ్ల మీద ప్రయోగిద్దాం. ముందు ‘మండిపోతోంది’కి ఈ సందర్భంలో అర్థం చూడాలి: కోపం. తర్వాత దాని మూలార్థం: కాలడం. రెండూ వేరు, కానీ పోలికతో ఒకదాన్నిబట్టి మరొకటి తెలుస్తోంది. కాబట్టి మాటలో రూపకం ఉంది. ఈ మెట్లను 2007లో ప్రాగిల్‌జాజ్ అనే బృందం ఖరారు చేసింది. ఆ పేరు పదిమంది పరిశోధకుల పేర్లలోని తొలి అక్షరాల కూర్పు. తమాషా ఏమిటంటే కోవెచెష్, స్టేన్, ఆ తర్వాత స్టేన్‌తో గట్టిగా వాదులాడిన రేమండ్ గిబ్స్ ముగ్గురూ ఆ పదిమందిలో ఉన్నారు. రూపకాన్ని గుర్తించడంలో ఒక్కటైనవాళ్లు, అది మనసులో ఏం చేస్తుందన్నచోట విడిపోయారు.

ఇక చివరి మెట్టు. అక్క మాటలో నిప్పు అనే వస్తువు సంభాషణలోకి వచ్చిందా? రాలేదు. ఆమె మాట్లాడింది డబ్బు గురించి. తమ్ముడి మాటలో వచ్చింది. వేడి నిజంగా ఉన్నట్టు, దానికి గాలి కావాలన్నట్టు మాట్లాడాడు. స్టేన్ లెక్కలో మొదటిది మామూలు వాడుక, రెండోది ఉద్దేశపూర్వకం. ‘లాగా’, ‘అక్షరాలా’ అన్న మాటలు, శ్లేష, అదే పోలికను పొడిగించడం ఇలాంటిచోట దొరికే ఆనవాళ్లు. తమ్ముడు ముందే ఆలోచించి అన్నాడని దీనర్థం కాదు. ఉద్దేశపూర్వకం అంటే తెలిసి తెలిసి చేసిందని కాదని స్టేన్ పదేపదే చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ పేరే తప్పుదారి పట్టిస్తోందని నాకనిపిస్తుంది.

లేకాఫ్ పక్షం ఊరుకోదు. అక్క మాట అడుగున వేడి లేకపోతే తమ్ముడి ఎత్తిపొడుపు అంత తేలిగ్గా ఎలా అర్థమైందంటుంది. దీనికి ప్రయోగాలూ ఉన్నాయి. కోపాన్ని చెప్పే ఇంగ్లీషు జాతీయాలను ఇచ్చి మనసులో బొమ్మ కట్టమంటే, ఆ బొమ్మల్లో ఆశ్చర్యపరిచేంత పోలిక ఉందని గిబ్స్, ఓబ్రయన్ 1990లో చూపించారు. కానీ బొమ్మ కట్టమని అడిగితే ఎవరైనా కడతారు. చదువుకుంటూ పోతున్నప్పుడు కడతారా? సామ్ గ్లక్స్‌బర్గ్, ఆయన సహచరులు 1993లో చదవడానికి పట్టే సమయాన్ని కొలిచారు. కథ వేడి భాషలో నడిచినా మరో పోలికలో నడిచినా, చివర వచ్చే కోపపు జాతీయాన్ని చదివే వేగంలో తేడా రాలేదు. ఆగి ఆలోచిస్తే వేడి దొరుకుతుంది, ఆగకపోతే అవసరపడదు. రెండు ప్రయోగాలూ నిజమే కావచ్చు.

మన దినపత్రికల్లో ‘నిప్పులు చెరిగారు’ దీనికి మంచి ఉదాహరణ. చేటలో బియ్యం చెరగడం ఎన్నడూ చూడని కుర్రాడు కూడా ఆ శీర్షికను తడబడకుండా చదివేస్తాడు. అక్కడ చేట బొమ్మ పనిచేయడం లేదు. అదే శీర్షిక పక్కన నాయకుడి నోటినుంచి మంటలు వస్తున్నట్టు కార్టూన్ వేస్తే నిప్పు మళ్లీ రాజుకుంటుంది. ఒకే మాట ఒకచోట నిద్రపోతుంది, మరోచోట లేస్తుంది. నిఘంటువు చూస్తే ఈ తేడా తెలియదు. ముందువెనకల మాటలు చూడాలి. అందుకే నా మొగ్గు ఇది: భాషలో కోపపు మాటలన్నీ ఎందుకు వేడెక్కాయో చెప్పాలంటే లేకాఫ్, కోవెచెష్ దగ్గరికి వెళ్తాను. ఫలానా రోజు ఫలానా మనిషి అన్న మాటకైతే స్టేన్ అడిగే ప్రశ్న లేకుండా కదలను.

ఆ ప్రశ్న ప్రతిసారీ తేలుతుందని కాదు. అక్క మర్నాడు ఫోన్ చేసి, “ఇప్పుడిప్పుడే చల్లారాను, మళ్లీ రాజెయ్యకు” అందనుకోండి. రెండూ అరిగిన మాటలే. కానీ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి, పైగా నిన్నటి ఫ్యాన్ మాట ఇంకా పచ్చిగానే ఉంది. ఇలాంటి పనిలో ఇద్దరు పరిశీలకులు ఒకరి గుర్తులు ఒకరు చూడకుండా విడివిడిగా గుర్తుపెట్టి, తర్వాత పోల్చుకుంటారు. ఈ వాక్యం దగ్గర వాళ్ల గుర్తులు కలుస్తాయని నేనైతే పందెం కాయను.