షెల్ వైఫల్యం (క్యాడ్)

త్రిమితీయ క్యాడ్ నమూనాలో ఘనాకృతిని లోపలి నుండి తొలిచి, సమాన మందం గల గోడలను మిగిల్చే క్రియను షెల్ అంటారు. పదునైన అంచును గుండ్రంగా మార్చే క్రియ ఫిల్లెట్. వ్యాసార్థం క్రమంగా మారే ఫిల్లెట్ ఉన్న ఘనంపై షెల్ చేసినపుడు సాఫ్ట్‌వేరు దోష సందేశం చూపి ఆగిపోవచ్చు. వ్యాసార్థాన్ని గానీ, క్రియల వరుసను గానీ మార్చి దీనిని సరిచేస్తారు.

కారణం

షెల్ చేసేటప్పుడు ప్రతి బయటి తలమూ గోడ మందమంత దూరం లోపలికి జరుగుతుంది. బయటి మూలపై r వ్యాసార్థం గల ఫిల్లెట్ t మందం లోపలికి జరిగితే దాని వ్యాసార్థం r − t అవుతుంది. r, t సమానమైన చోట ఆ వంపు పదునైన మూలగా కుంచించుకుపోతుంది. r ఇంకా తగ్గితే తలం తనను తానే ఖండించుకుంటుంది. అంచంతటా r తక్కువగా ఉంటే కొన్ని సాఫ్ట్‌వేర్లు లోపలి ఫిల్లెట్‌ను వదిలివేసి పని ముగిస్తాయి. వ్యాసార్థం మారుతున్నపుడు ఒకే తలం కొంతమేర నిలిచి, కొంతమేర మాయం కావాలి కనుక చిక్కు ఎక్కువ.

ఉదాహరణ

అడుగు తెరచి ఉండే ఒక ప్లాస్టిక్ మూత పొడవు 100 మి.మీ., గోడ మందం 2 మి.మీ. అనుకుందాం. దాని పై అంచు ఫిల్లెట్ వ్యాసార్థం ఒక కొన వద్ద 6, మరొక కొన వద్ద 1 మి.మీ.; మధ్యలో సమంగా తగ్గుతుంది. 80 మి.మీ. దూరంలో అది 2 మి.మీ. అవుతుంది. అక్కడి నుండి లోపలి తలం చెడిపోతుంది.

ఫిల్లెట్‌ను తాత్కాలికంగా అణచిపెట్టినపుడు షెల్ సఫలమైతే దోషం ఫిల్లెట్‌దేనని తెలుస్తుంది. మందాన్ని 0.5 మి.మీ. నుండి పెంచుతూ పోతే 1 మి.మీ. దాటగానే షెల్ విఫలమవుతుంది. అదే కనిష్ఠ వ్యాసార్థం.

వ్యాసార్థాన్ని మార్చడం

చిన్న కొన వద్ద 1కి బదులు 3 మి.మీ. ఇస్తే లోపలి వ్యాసార్థం 4 నుండి 1 మి.మీ. వరకు మారుతుంది, షెల్‌కు ఈ అడ్డంకి తొలగుతుంది. బయటి రూపం మారకూడదంటే ఈ పద్ధతి పనికిరాదు.

వరుసను మార్చడం

అప్పుడు క్రియల జాబితాలో షెల్‌ను ఫిల్లెట్‌కు ముందుకు జరపాలి. షెల్ ఆ ఫిల్లెట్ తలంపై ఆధారపడి ఉంటే జరపడం సాధ్యం కాదు. ముందు ఆ సంబంధాన్ని తొలగించాలి. వరుస మారాక దోష సందేశం పోతుంది గానీ లోపలి మూల పదునుగానే మిగులుతుంది. 6 మి.మీ. కొన వద్ద బయటి వంపు కేంద్రం నుండి ఆ మూలకు దూరం 4√2, అనగా దాదాపు 5.66 మి.మీ. కనుక అక్కడ గోడ 0.34 మి.మీ. మాత్రమే మిగులుతుంది. వ్యాసార్థం సుమారు 6.83 మి.మీ. దాటితే గోడకు రంధ్రమే పడుతుంది.

అందువల్ల లోపలి అంచుకు 4 నుండి 0.5 మి.మీ. వరకు తగ్గే మరొక ఫిల్లెట్ వేయాలి. అప్పుడు పెద్ద కొన వద్ద మందం తిరిగి 2 మి.మీ. అవుతుంది, చిన్న కొన వద్ద మూల కొద్దిగా మందంగా, సుమారు 2.6 మి.మీ. ఉంటుంది. మూలకు అడ్డంగా కోత చూపి మందాన్ని కొలిస్తేనే సవరణ పూర్తయినట్లు.