బదిలీ కంటే ముందున్న తేదీ

హైదరాబాద్ శివార్లలో ఒక మందుల కంపెనీ ఉందనుకుందాం. షేర్లు స్టాక్ ఎక్స్ఛేంజిలో ఉన్న కంపెనీ. అకౌంట్స్‌లో పనిచేసే ఒకావిడ బిల్లులు సరిచూస్తోంది. అట్టపెట్టెలు సరఫరా చేసే సంస్థ జూన్, జులై, ఆగస్టుల్లో పంపిన బిల్లుల నంబర్లు వరసగా 41, 42, 43. అంటే ఆ మూడు నెలల్లో ఆ సంస్థ ఇంకెవరికీ ఒక్క బిల్లూ రాయలేదన్నమాట. అనుమానమొచ్చి గేటు రిజిస్టరు తెప్పించి చూసింది. ఆ తేదీల్లో అట్టపెట్టెల లోడు లోపలికొచ్చిన దాఖలా లేదు. సరుకు అందినట్టు స్టోర్సు వాళ్లు రాసే రసీదు కూడా లేదు. డబ్బు మాత్రం నాలుగున్నర లక్షల చొప్పున మూడుసార్లు వెళ్లిపోయింది. మూడు బిల్లుల మీదా పర్చేజ్ మేనేజర్ సంతకం ఉంది.

ఆమె తన పై అధికారి గదికెళ్లి చెప్పింది. "చూద్దాంలేమ్మా, ఎవరితోనూ అనకు" అన్నాడాయన. మూడు వారాలు తిరక్కుండా ఆమెను గోడౌనుకు బదిలీ చేశారు. ఏటా బాగుండే అప్రైజల్ రేటింగు పడిపోయింది. మోసం బయటపెట్టినందుకే ఇలా చేశారని ఇప్పుడామె అంటే, "ఏ మోసం? ఎప్పుడు చెప్పావు?" అని అడుగుతారు. నాలుగు గోడల మధ్య జరిగిన మాటకు ఆమె దగ్గర ఆధారం లేదు.

ఇలాంటివారి కోసమే 2013 కంపెనీల చట్టం 177వ సెక్షన్‌లో ఒక దారి ఉంది. లిస్టెడ్ కంపెనీలూ, ప్రజల నుంచి డిపాజిట్లు తీసుకునేవీ, బ్యాంకులూ ప్రభుత్వ ఆర్థిక సంస్థల నుంచి 50 కోట్లకు మించి అప్పు చేసినవీ ఉద్యోగుల ఫిర్యాదుల కోసం 'విజిల్ మెకానిజం' పెట్టి తీరాలి. ఫిర్యాదు చేసినవారిని వేధించకుండా అందులో రక్షణ ఉండాలి. అవసరమైతే పై అధికారులను దాటి నేరుగా ఆడిట్ కమిటీ చైర్మన్‌కే రాసుకునే వీలుండాలి. ఆ విధానాన్ని 'విజిల్ బ్లోయర్ పాలసీ' పేరుతో చాలా కంపెనీలు వెబ్‌సైట్లో ఇన్వెస్టర్ల పేజీలో ఉంచుతాయి. ఎవరికి రాయాలో అందులోనే ఉంటుంది.

పై అధికారులను దాటే దారి ఎందుకంటే, మోసం పై అంతస్తులోనే ఉండొచ్చు. సత్యం కంప్యూటర్స్‌లో జరిగింది అదే. 2008 డిసెంబరులో జోసెఫ్ అబ్రహాం అనే మారుపేరుతో ఎవరో డైరెక్టర్ కృష్ణ పాలెపుకు ఈమెయిల్‌ పంపారు. 2009 జనవరి 7న చైర్మన్ రామలింగరాజే లెక్కల్లో చూపిన నగదు లేదని ఒప్పుకున్నారు. అలాంటి చోట మేనేజరుకు చెప్పుకుని ఏం లాభం?

మన అకౌంట్స్ ఆవిడ రాయాల్సిన ఉత్తరం ఒక పేజీ చాలు. బిల్లు నంబర్లు, తేదీలు, మొత్తాలు, గేటు రిజిస్టరులో ఏ రోజుల పేజీలు చూడాలో రాయాలి. కళ్లారా చూసినదాన్నీ, విన్నదాన్నీ, అనుమానాన్నీ విడివిడిగా చెప్పాలి. పై అధికారికి నోటిమాటగా ఏ రోజు చెప్పిందో కూడా చేర్చాలి. చాలా పాలసీల్లో పేరు, చిరునామా వేరే కాగితం మీద రాసి జతచేయమంటారు. దర్యాప్తు చేసేవారికి ఫిర్యాదు మాత్రమే వెళ్లి, పేరు చైర్మన్ దగ్గరే ఉండిపోవడానికి ఆ ఏర్పాటు. అందినట్టు రసీదు తీసుకుని ఇంట్లో దాచుకోవాలి.

చాలామంది పొరపడేది ఆధారాల దగ్గర. భయంతో ఆఫీసు ఫైళ్లను సొంత మెయిల్‌కు పంపుకుంటారు. కంపెనీ రహస్యాలు బయటికి తరలించారంటూ దాన్నే పట్టుకుని నోటీసిస్తారు. అసలు మోసం పక్కకుపోయి, విచారణ ఉద్యోగి మీదికి మళ్లుతుంది. ఏ కాగితం ఎక్కడుందో రాసి పెట్టుకుంటే చాలు, తెప్పించే అధికారం కమిటీకి ఉంది.

ఫిర్యాదును తొక్కిపెట్టడమూ అంత సులభం కాదు. ఏడాదిలో వచ్చిన విజిల్ బ్లోయర్ ఫిర్యాదులను పరిశీలించారో లేదో స్టాట్యుటరీ ఆడిటర్ తన నివేదికలో చెప్పాలని కేంద్రం 2020లో ఇచ్చిన ఆదేశం ఉంది. నోటిమాట ఆ ఆడిటర్ దాకా వెళ్లదు.

అయితే ఈ రక్షణ పలుచనిదే. 177వ సెక్షన్‌ను ఉల్లంఘిస్తే కంపెనీకి పడే జరిమానా 5 లక్షలు. బాధ్యుడైన అధికారికి లక్ష. పోయిన ఉద్యోగం తిరిగి ఇప్పించే మాట గానీ, ఉద్యోగికి పరిహారం మాట గానీ ఆ సెక్షన్‌లో లేదు. ఆ న్యాయం కోసం ఆమె విడిగా పోరాడాల్సిందే.

ఆ పోరాటంలో బదిలీ ఉత్తర్వు మీద ఒక తేదీ ఉంటుంది. దానికంటే ముందు తేదీతో ఆమె ఫిర్యాదు రసీదు ఉంటే, ఆ బదిలీ ఎందుకు చేయాల్సివచ్చిందో కంపెనీ చెప్పుకోవాల్సివస్తుంది. అది లేకపోతే, వేధించారని నిరూపించే భారమంతా ఆమె నెత్తినే పడుతుంది. అందుకే పై అధికారి గదిలోంచి బయటికొచ్చిన సాయంత్రమే ఆమె ఆ ఒక్క పేజీ రాయాలి.