డ్రాయర్‌లో ఉన్న ముక్క గట్టిపడుతూనే ఉంది

మెటీరియల్స్ ల్యాబ్‌లో చాలా ఏళ్లు పాఠం చెప్పాను. ల్యాబ్‌కి రాలేకపోయిన పిల్లలు పంపే మెయిళ్లు ఎన్నో చదివాను. జ్వరం, బస్సు దొరకలేదు, అక్క పెళ్లి. అన్నీ నిజమే కావచ్చు, కానీ వాటిని చదివి నేను చేయగలిగేది ఏమీ ఉండదు. నాకు కావాల్సిందల్లా ఇప్పుడు ఆ ముక్క ఎక్కడుంది, దానికి ఎంత వయసొచ్చింది అన్న సంగతి.

లోహపు ముక్కకి వయసేమిటి అంటారా? ఇది 1906లో బెర్లిన్ దగ్గర ఆల్‌ఫ్రెడ్ విల్మ్ అనే లోహశాస్త్రజ్ఞుడికి ఎదురైన వింత. కొంచెం రాగి, మరికాస్త మెగ్నీషియం కలిపిన అల్యూమినియంను బాగా కాచి, నీళ్లలో చల్లార్చి, కాఠిన్యం కొలిపించాడు. పని మధ్యలో వారాంతం వచ్చింది. సెలవు తరవాత మళ్లీ కొలిస్తే అదే ముక్క ముందుకంటే గట్టిగా ఉంది. మధ్యలో దాన్నెవరూ ముట్టుకోలేదు. తరవాతి రోజుల్లో విమానాలకు వాడిన డ్యూరాలుమిన్ ఈ పరిశీలనలోంచే పుట్టింది.

కారణం ఇది. వేడిలో రాగి పరమాణువులు అల్యూమినియంలో పూర్తిగా కరిగిపోతాయి. ఒక్కసారిగా నీళ్లలో ముంచితే బయటికి వచ్చే వ్యవధి లేక లోపలే చిక్కుకుంటాయి. ఆ తరవాత మామూలు గది వేడిలోనే మెల్లగా ఒకచోటికి చేరి, కంటికి ఆనని చిన్న చిన్న బిళ్లలుగా గుమిగూడతాయి. లోహపు పొరలు ఒకదానిమీద ఒకటి జారకుండా ఆ బిళ్లలు అడ్డుపడతాయి. గట్టిదనం అంటే అదే. మొదటి కొన్ని గంటల్లో ఈ పని చురుగ్గా సాగి, నాలుగు రోజులకల్లా దాదాపు నిలకడకు వస్తుంది.

అందుకే ఈ ప్రయోగంలో రీడింగుకి వేళ ముఖ్యం. చల్లార్చగానే ఒకటి, నాలుగు గంటలకొకటి, 24 గంటలకొకటి, 96 గంటలకొకటి తీసి గ్రాఫ్ గీయాలి. ఒక సోమవారం మా బ్యాచ్‌లో ఒక అబ్బాయి మొదటి రీడింగు తీసుకుని జ్వరంతో వెళ్లిపోయాడు. మధ్యాహ్నం సెషన్ పోయింది, మంగళవారం రీడింగూ పోయింది. బుధవారం రాత్రి ఇంగ్లీషులో మెయిల్ పంపాడు. తెలుగులో చెబితే ఇలా ఉంటుంది:

"నమస్తే సార్. సోమవారం జ్వరం వచ్చి మధ్యాహ్నం హార్డ్‌నెస్ సెషన్‌కి రాలేకపోయాను. నాది 2024 అల్యూమినియం ముక్క. ఉదయం 11 గంటలకు క్వెంచ్ చేశాం, అప్పటినుంచి ల్యాబ్ డ్రాయర్‌లోనే ఉంది, ఫ్రిజ్‌లో పెట్టలేదు. మొదటి రీడింగు మాత్రమే నా దగ్గరుంది. శుక్రవారం 11కి ఈ ముక్కకి 96 గంటలవుతాయి. అప్పుడు రాక్‌వెల్ మెషీన్ పది నిమిషాలు ఇస్తే చివరి రీడింగు తీసుకుంటాను. పోయినవాటి కోసం వచ్చే సోమవారం ఉదయం ఫర్నేస్ కూడా ఇవ్వగలరా సార్? మళ్లీ కాచి చల్లార్చి మొదటినుంచి తీస్తాను."

జ్వరం సంగతి ఒక్క వాక్యంలో అయిపోయింది. మిగతాదంతా నాకు పనికొచ్చేదే. ఫ్రిజ్‌లో పెట్టలేదన్న ముక్క చూడండి. గడ్డకట్టే చలిలో ఈ గుమిగూడటం బాగా నెమ్మదిస్తుంది. విమానాల రివెట్లను చల్లార్చాక ఐస్‌బాక్స్‌లో దాచి, బయటికి తీసిన నిమిషాల్లోనే బిగించేవారు. ఇతని ముక్కకి ఆ చలి తగల్లేదు కాబట్టి శుక్రవారం నాటి అంకె నిజంగా 96 గంటలదే అవుతుంది.

అతను మెషీన్ ఒక్కటే అడిగి ఊరుకుంటే ఏమయ్యేది? గురువారం వచ్చి ఉదయమొకటి, సాయంత్రమొకటి రీడింగు తీసేవాడు. రెండూ దాదాపు ఒకటే వచ్చేవి. ఎక్కాల్సిన గ్రాఫ్ నేలబారుగా సాగిందంటే, ముక్క ముసలిదైపోయాక కొలిచారని నాకు ఇట్టే తెలిసిపోతుంది. అదే చల్లార్చిన ఉక్కు ముక్క అయితే వారం ఆగి కొలిచినా పెద్ద తేడా ఉండదు. అప్పుడు మెషీన్ అడిగితే చాలు.

ఆ రాత్రే జవాబు రాశాను. శుక్రవారం 11కి రా, కొత్త గుంట పాత గుంటకి కనీసం మూడు వ్యాసాల దూరంలో పడేలా చూసుకో. ముక్కని తిరగేసి రెండోవైపు కొలవద్దు, కింద ఉబ్బిన గుర్తులు ఆనింపుని చెడగొట్టి అంకె తప్పొస్తుంది. సోమవారం 9కే ఫర్నేస్ వేసి ఉంచుతాను, గుర్తులు పోయేలా అరగదీసి తీసుకురా. 495 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచుదాం. 500 దాటనివ్వకూడదు, ఆ పైన లోపల అంచులు కరగడం మొదలుపెడతాయి. క్వెంచ్ 11కి పెట్టుకుంటే 24 గంటల రీడింగు మంగళవారం, 96 గంటలది శుక్రవారం పడతాయి, ఆదివారం అడ్డురాదు.