‘వెరిఫైడ్’ గుర్తు కనిపించాక చేయాల్సిన వాకబు

మా అక్క కూతురు హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ హాస్టల్లో ఉంటుంది. పోయిన ఏడాది పెళ్లి సంబంధాల యాప్‌లో తెనాలి దగ్గరి అబ్బాయి ప్రొఫైల్ ఒకటి నచ్చి, లింకు నాకు పంపింది. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వయసు 31, అవివాహితుడు. పేరు పక్కన ‘వెరిఫైడ్’ అన్న గుర్తు. “యాప్ వాళ్లే చూసేశారు కదా పిన్నీ, ఇంకేం కనుక్కోవాలి?” అంది.

ముందు ఆ గుర్తు సంగతే చెప్పాను. చాలా యాప్‌లలో దాని అర్థం ఫోను నంబరు పనిచేస్తోందనీ, ఏదో ఒక గుర్తింపు కార్డో సెల్ఫీయో ప్రొఫైల్‌తో సరిపోయిందనీ మాత్రమే. వివాహ వెబ్‌సైట్లు సభ్యుల నుంచి గుర్తింపు పత్రాలు తీసుకోవాలని కేంద్రం 2016లో మార్గదర్శకాలు ఇచ్చింది. అలాగని ఉద్యోగం, జీతం, గతంలో పెళ్లి అయిందా లేదా అన్నవి యాప్ కనుక్కుని చెబుతుందని కాదు. పూర్వం పెళ్లిళ్ల పేరయ్య సంబంధం తెస్తే, ఆ ఊళ్లో మనకు తెలిసినవాళ్ల ద్వారా వాకబు చేశాకే పెళ్లిచూపులు పెట్టుకునేవాళ్లం. యాప్ పేరయ్య పని ఒక్కటే చేస్తోంది. వాకబు ఇప్పటికీ మనదే.

ఆ వాకబును నేను మూడు ప్రశ్నలుగా విడదీసుకుంటాను. ఫోటోలో ఉన్న మనిషి నిజంగా ఉన్నాడా? చెప్పుకుంటున్న మనిషి అతనేనా? చెప్పకుండా వదిలేసింది ఏమైనా ఉందా? ఈ వరసలోనే అడగాలి. మొదటిది తేలకుండా కలవడానికి వెళ్లకూడదు, మూడోది తేలకుండా తాంబూలాలు పుచ్చుకోకూడదు.

మొదటి ప్రశ్నకు ఒక సాయంత్రం చాలు. ఫోటోను గూగుల్ లెన్స్‌లో వేసి చూస్తే అదే బొమ్మ ఇంకెవరి పేరుతోనైనా ఉంటే బయటపడుతుంది. ఏమీ దొరకనంత మాత్రాన నిజమైన ఫోటో అనుకోకూడదు, ఎవరి ప్రైవేటు ఖాతా నుంచో తీసుకున్నదైతే వెతుకులాటలో రాదు. అందుకే వీడియో కాల్ తప్పనిసరి. చెప్పాపెట్టకుండా కాక, ఇద్దరికీ వీలైన వేళ మాట్లాడుకుని చేసుకోవాలి. మాటల మధ్యలో తల పక్కకు తిప్పమనో, చేయి ముఖం ముందు ఆడించమనో నవ్వుతూ అడగవచ్చు. ముఖాన్ని మార్చి చూపే సాఫ్ట్‌వేర్ తరచుగా అక్కడే తడబడుతుంది. వారాల తరబడి ‘కెమెరా పాడైంది’, ‘నెట్ సరిగా లేదు’ అంటూనే కమ్మగా ఛాటింగ్ చేసేవాళ్లతో ఇక మాటలు ఆపేయడమే మంచిది.

ఈ దశలోనే డబ్బు మాట వస్తుంది. రావడమంటూ వస్తే అది పెళ్లి సంబంధం కాదు. విదేశం నుంచి నీకు నగలు పంపాను, కస్టమ్స్ వాళ్లు ఆపారు, సుంకం కట్టమంటారు. కస్టమ్స్ అధికారి ఫోన్ చేసి ఎవరిదో సొంత ఖాతాలో డబ్బు వేయమని ఎన్నడూ అడగడు. ఇంకొందరు నెలరోజులు ప్రేమగా మాట్లాడి, పెళ్లయ్యాక ఇల్లు కొనుక్కోవాలంటూ ఏదో ట్రేడింగ్ యాప్‌లో పెట్టుబడి పెట్టిస్తారు. మొదట పెట్టిన అయిదు వేలూ లాభంతో సహా వెనక్కి తీసుకోనిస్తారు. ఎర అదే. లక్షలు పెట్టాక ‘పన్ను కడితేనే తీసుకోగలరు’ అని తలుపు మూస్తారు. ఇప్పటికే పంపేసి ఉంటే సిగ్గుపడి రోజులు గడపకుండా వెంటనే 1930కి ఫోన్ చేయాలి, లేదా cybercrime.gov.in లో ఫిర్యాదు పెట్టాలి. బ్యాంకు మెసేజ్‌లో ఉండే లావాదేవీ నంబరు చేతిలో పెట్టుకోవాలి. డబ్బు ఆ ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మారేలోపు ఆపించగలిగితేనే తిరిగి వచ్చే ఆశ ఉంటుంది, కాబట్టి ఇక్కడ గంటలే లెక్క.

మా అమ్మాయి వీడియోలో రెండుసార్లు మాట్లాడింది. అతని ఫోను నంబరును యూపీఐ యాప్‌లో కొట్టి చూసింది. డబ్బు పంపకముందే బ్యాంకులో ఉన్న పేరు తెర మీద కనిపిస్తుంది. ప్రొఫైల్లో ఉన్న పేరే వచ్చింది. వేరే పేరు వచ్చినా కంగారు పడనక్కర్లేదు, నంబరు తండ్రి పేరు మీద ఉండవచ్చు. ఎవరిదని అడిగితే సరిపోతుంది.

ఇక కలవడం. అతను హైదరాబాదు వస్తున్నానంటే, చోటు తనే ఎంచుకోమని చెప్పాను. ఆదివారం పదకొండు గంటలకు, మెట్రో స్టేషన్ పక్కన మనుషులు మసలే కాఫీ హోటల్. పగటిపూట ఎందుకంటే, మాటలు సాగినా సాగకపోయినా ఇంటికి చేరేసరికి చీకటి పడదు. మెట్రోలో వెళ్లి మెట్రోలో రావాలి, అతని కారెక్కకూడదు. ‘దింపుతాను’ అనడం మర్యాదే, ‘వద్దండీ’ అనడమూ మర్యాదే. ఎందుకంటే కారెక్కితే హాస్టల్ ఎక్కడో తెలిసిపోతుంది, ఆ సంగతి ఇంకా కొన్నాళ్లు తెలియనక్కర్లేదు. వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ ఎనిమిది గంటలకు పెట్టి నాకు పంపింది. పన్నెండున్నరకు నేను ఫోన్ చేస్తాను, ‘పెరుగు తెచ్చావా’ అని అడిగితే ‘తెచ్చాను’ అంటే అంతా బాగున్నట్టు, ‘మర్చిపోయాను’ అంటే నేను బయల్దేరాలి. ఇబ్బంది ముదిరితే హోటల్ మనిషికి చెప్పడం, 112కి ఫోన్ చేయడం. తాగే గ్లాసు బల్ల మీద వదిలి చేతులు కడుక్కోవడానికి వెళ్లకూడదు, వెళ్తే వచ్చి కొత్తది తెప్పించుకోవాలి.

ఆమె ‘తెచ్చాను’ అంది. మనిషి నెమ్మదస్థుడట, ఎదుటివాళ్లు చెప్పేది వింటాడట. నాకు సంతోషమే. కానీ ఒక్క ప్రశ్న అడగమని చెప్పడం మర్చిపోయాను. ‘ఇంతకుముందు పెళ్లిగానీ నిశ్చితార్థంగానీ జరిగాయా?’ అని నోటితో అడగాలి. ప్రొఫైల్లో రాసింది ఎవరు రాశారో మనకు తెలియదు. మన ఇళ్లలో చాలా ప్రొఫైళ్లు పిల్లలు కాక అమ్మానాన్నలు పెడతారు. ఎదురుగా అడిగినప్పుడు వచ్చే జవాబు మాత్రం అతనిదే.

రెండో ప్రశ్నకు కాగితాలు కావాలి. ఇక్కడ ఒక పద్ధతి ఉంది. మనవి ముందు చూపించి వాళ్లవి అడిగితే అనుమానించినట్టు ఉండదు. ఉద్యోగం గురించి లింక్డ్‌ఇన్ పేజీ కన్నా పీఎఫ్ పాస్‌బుక్ గట్టి ఆధారం. అందులో కంపెనీ పేరు, నెలనెలా జమ కనిపిస్తాయి. స్క్రీన్‌షాట్ వద్దు, దాన్ని దిద్దడం నిమిషం పని. పక్కన కూర్చుని ఎవరిది వాళ్లు తెరిచి చూపించుకోవాలి. ఒక సంగతి తెలియక కొందరు అబ్బాయిలను తప్పుపడుతుంటారు. నెలకు 1,800 రూపాయలే జమ అవుతుంటే జీతం తక్కువని కాదు. చాలా కంపెనీలు 15,000 రూపాయల మూలవేతనం మీదే, పన్నెండు శాతం చొప్పున, పీఎఫ్ కడతాయి. జీతం తెలుసుకోవాలంటే ఆదాయపు పన్ను పోర్టల్‌లో కంపెనీ చూపిన జీతం, టీడీఎస్ వివరాలు చూడాలి. డాక్టరునని చెబితే వైద్యుల రిజిస్టరులో, చార్టర్డ్ అకౌంటెంటునంటే వాళ్ల సంస్థ సభ్యుల జాబితాలో పేరు వెతకవచ్చు.

మూడో ప్రశ్న, చెప్పకుండా వదిలేసింది. ఇక్కడ అందరికీ ఉచితంగా తెరిచి ఉన్న తలుపు ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్, services.ecourts.gov.in. అందులో కేసు స్థితి దగ్గర కక్షిదారు పేరుతో వెతికే వీలుంది. రాష్ట్రం, జిల్లా, కోర్టు సముదాయం ఎంచుకుని, పేరు ఇంగ్లీషులో కొట్టి, కేసు వేసిన సంవత్సరం ఇవ్వాలి. నడుస్తున్నవీ ముగిసినవీ రెండూ చూడాలి. పేరులో కనీసం మూడు అక్షరాలుంటే వెతుకుతుంది. పూర్తి పేరు కొట్టడం కన్నా ముక్క కొట్టడమే నయం, ఎందుకంటే ఒకే లక్ష్మిని గుమాస్తాలు రెండు మూడు రకాలుగా రాస్తారు. ఏడాదికేడాది విడిగా వెతకాలి కాబట్టి ఓపిక కావాలి.

చాలామంది ఇక్కడే పొరబడతారు. అబ్బాయిది గుంటూరు జిల్లా అని గుంటూరులో వెతికి, ఏమీ లేదని ఊపిరి పీల్చుకుంటారు. హిందూ వివాహ చట్టం కింద భార్య తానున్న ఊళ్లోని కోర్టులో కేసు వేయవచ్చు, గృహహింస కేసూ అంతే. అంటే కేసు అమ్మాయి పుట్టింటి జిల్లాలో ఉండవచ్చు. నేను గుంటూరు, కృష్ణా చూశాక పశ్చిమ గోదావరి తెరిచాను. ఏలూరు కోర్టులో అదే పేరు, అదే ఇంటిపేరు. హిందూ వివాహ చట్టం కింద దరఖాస్తు, ముగిసిన కేసు.

పేరు కలిసినంత మాత్రాన మనిషి కలిసినట్టు కాదు. ఒకే ఇంటిపేరుతో ఒకే ఊళ్లో ఇద్దరు ముగ్గురుంటారు. ఇలాంటి కేసుల్లో తీర్పు కాపీ తరచుగా వెబ్‌సైట్లో కనిపించదు కూడా. అసలు కోర్టు మెట్లెక్కకుండా పెద్దమనుషుల్లో తెంచుకున్నవీ, విదేశంలో అయినవీ ఇందులో రానే రావు. అందుకే తెర మీద చూసింది తీర్పు అనుకోకుండా ప్రశ్నగా తీసుకెళ్లాలి. వీటికి భయపడి కొందరు డిటెక్టివ్‌ల చేత అవతలివాళ్ల కాల్ రికార్డులు తీయిస్తారు. అది నేరం, పైగా మన మనసుకూ మచ్చ.

మా అమ్మాయి అతనికి ఫోన్ చేసి మెల్లగా అడిగింది. “ఏలూరులో మీ పేరుతో ఒక కేసు కనిపించిందండీ. అది మీదేనా?” కాసేపు నిశ్శబ్దం. తర్వాత అవునన్నాడు. పెళ్లయి నాలుగు నెలలకే విడిపోయారట, ఇద్దరి సమ్మతితో విడాకులు వచ్చాయట. ప్రొఫైల్ వాళ్లమ్మగారు పెట్టారట, ‘అవివాహితుడు’ అని ఆవిడే రాశారట. తాను దిద్దించాల్సిందనీ, చెప్పడానికి ధైర్యం చాలలేదనీ అన్నాడు.

డిక్రీ సర్టిఫైడ్ కాపీ అడగమన్నాను. కోర్టు ముద్ర ఉన్న ఆ కాపీలో చూడాల్సింది తేదీ. ‘విడాకుల కేసు నడుస్తోంది, త్వరలో అయిపోతుంది’ అన్నవాళ్లు చట్టం దృష్టిలో ఇంకా పెళ్లయినవాళ్లే, అప్పుడు చేసుకునే పెళ్లి చెల్లదు. వాదులాడి తెచ్చుకున్న డిక్రీ అయితే అప్పీలుకు ఉన్న 90 రోజుల గడువు దాటిందో లేదో, అప్పీలు పడిందో లేదో కూడా చూసుకోవాలి. అతను పంపినది ఇద్దరి సమ్మతితో అయిన డిక్రీ, రెండేళ్ల కిందటిది. కాగితం నిజమైనదే.

విడాకులు తనకు అభ్యంతరం కాదంది మా అమ్మాయి. దాచడమే బాధగా ఉందంది. అతనితో కాక వాళ్లమ్మగారితో మాట్లాడతానంది. నేను పక్కనే ఉన్నాను. “అండీ, ఆ అమ్మాయికి జరిగింది మీరు తుడిచేశారు. రేపు నాకు జరిగేది కూడా ఇలాగే తుడిచేస్తారేమోనని భయమేసింది,” అంది. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. ఆ రాత్రికి ప్రొఫైల్లో ‘అవివాహితుడు’ పోయి ‘విడాకులు పొందినవారు’ అని వచ్చింది. వచ్చే నెల వాళ్లు తెనాలి రమ్మన్నారు. వెళ్లాలా వద్దా అన్నది మా అమ్మాయి ఇంకా తేల్చుకోలేదు.