జంట పేజీల స్కాన్‌ను రెండుగా విడదీయడం

పుస్తకాన్ని విప్పి స్కానర్ మీద బోర్లిస్తే ఎడమ పేజీ, కుడి పేజీ ఒకే చిత్రంలో పడతాయి. స్కాన్ చేసే పని సగానికి తగ్గుతుంది కానీ, అలాంటి చిత్రాన్ని ఫోన్‌లో చదవడం కష్టం. అక్షరాలను గుర్తించే సాఫ్ట్‌వేర్ కూడా ఒక్కోసారి ఎడమ పేజీలోని వరుసను కుడి పేజీలోని వరుసతో కలిపి చదివేస్తుంది. అందుకే చిత్రాన్ని నిలువుగా రెండు ముక్కలు చేస్తారు.

చిత్రం నడిమి గీతా, పుస్తకం మడతా ఒకటే అనుకోవడంతోనే చాలా స్కాన్లు పాడవుతాయి. ఏ4 సైజు అద్దం మీద 300 డీపీఐలో తీసిన స్కాన్‌ను అడ్డంగా తిప్పితే వెడల్పు 3508 పిక్సెళ్లు, ఎత్తు 2480. సరిగ్గా సగం 1754 దగ్గర వస్తుంది. పుస్తకం కాస్త పక్కకు జరిగి మడత 1810 దగ్గర ఉందనుకుందాం. తేడా 56 పిక్సెళ్లు, అంటే దాదాపు అయిదు మిల్లీమీటర్లు. బిగువుగా కుట్టిన పుస్తకాల్లో లోపలి అంచు ఇరుకుగా ఉంటుంది కనుక, సగానికి కోస్తే ఎడమ పేజీ వరుసల చివరి అక్షరాలు తెగి కుడి పేజీ మొదట్లో ముక్కలుగా కనిపిస్తాయి. తప్పును పట్టుకోవడానికి అంతకన్నా తేలికైన గుర్తు లేదు.

కోయడానికి ముందు వంకర సరిచేయాలి. పుస్తకం ఒక్క డిగ్రీ వాలినా మడత పైనుంచి కిందికి వచ్చేసరికి 43 పిక్సెళ్లు పక్కకు పోతుంది. అప్పుడు ఏ నిలువు గీతా దాని వెంట నడవదు. మడత నిలువుగా వచ్చేలా చిత్రాన్ని తిప్పాక కొలతలు మళ్లీ చూసుకోవాలి, ఎందుకంటే తిప్పితే చిత్రం సైజు మారవచ్చు.

పైన చెప్పిన స్కాన్ నిటారుగానే ఉందనుకుంటే, ఇమేజ్‌మ్యాజిక్‌లో కోత ఇలా ఉంటుంది:

```
magick 012.png -crop 1830x2480+0+0 +repage 012a.png
magick 012.png -crop 1718x2480+1790+0 +repage 012b.png
```

మొదటి రెండు అంకెలు ముక్క వెడల్పు, ఎత్తు. తర్వాతివి అది ఎక్కడ మొదలవ్వాలో చెబుతాయి. మడతకు అటూ ఇటూ 20 పిక్సెళ్లు కావాలనే రెండు ముక్కల్లోనూ ఉంచారు. అంచున కాస్త నీడ మిగిలినా తర్వాత చెరిపేయవచ్చు, తెగిపోయిన అక్షరాన్ని మాత్రం ఆ ముక్కలోకి తిరిగి తేలేం. `+repage` మరిచిపోతే కుడి ముక్క తన పాత స్థానాన్ని గుర్తుంచుకుని, కొన్ని ప్రోగ్రాముల్లో పక్కన ఖాళీ జాగాతో తెరుచుకుంటుంది.

పేరు చివర `a`, `b` పెడితే పేజీలు వరుస తప్పవు. కుడి నుంచి ఎడమకు సాగే ఉర్దూ పుస్తకాలకు ఈ అక్షరాలను తారుమారు చేయాలి. పుస్తకం మొత్తానికి ఒకే కొలత వాడటం కూడా కుదరదు. పేజీలు తిప్పేకొద్దీ కట్ట ఒక పక్కన పలచబడి, రెండో పక్కన మందమెక్కుతుంది. దానితోపాటే మడత కూడా జరుగుతుంది. కొన్ని పేజీలకోసారి కొలత మళ్లీ తీసుకోవాలి. రెండు పేజీల మీదుగా పరుచుకున్న పటాలను, అట్టను కోయకుండా వదిలేయాలి.