ఒకటి పురుగు ఎరుపు, ఒకటి ఫ్యాక్టరీ ఎరుపు

మీకు తెలుసా? కార్మైన్ అనే ఎర్ర రంగు నిజంగానే పురుగుల నుంచి వస్తుంది. మన ఊళ్లలో కంచెల వెంట కనిపించే నాగజెముడు జాతి మొక్కల రసం పీల్చి బతికే కొచినీల్ అనే చిన్న పురుగు అది. పెరూలో దీన్ని పంటలా పెంచుతారు. ఆడపురుగులను గీకి తీసి ఎండబెడతారు. కిలో ఎండు సరుకు కావాలంటే సుమారు లక్షన్నర పురుగులు పోవాలి. వాటిని నీళ్లలో మరిగించి, ఆ ఎర్రటి రసంలో పటికలాంటి అల్యూమినియం లవణం కలిపితే అడుగున పేరుకునేదే కార్మైన్.

ఈ రంగు మీద ఈస్టిండియా కంపెనీ కూడా ఆశపడింది. 1795లో బ్రెజిల్ నుంచి మన దేశానికి పురుగులు వచ్చాయి. తీరా చూస్తే అవి రంగు తక్కువగా ఇచ్చే వేరే జాతివి. వ్యాపారం సాగలేదు, కానీ ఆ పురుగులు దక్షిణాదిలో ఒక రకం నాగజెముడును దాదాపు తుడిచిపెట్టాయి.

ఇక మన సంగతి. మాదాపూర్, కొండాపూర్ సూపర్ మార్కెట్లలో విదేశీ సరుకు పెట్టే అర దగ్గర స్ట్రాబెర్రీ పెరుగు, ఐస్‌క్రీమ్, ఎర్రటి జెల్లీ మిఠాయిలు తీసి వెనక్కి తిప్పండి. ఐఎన్‌ఎస్ 120 గానీ, ఈ120 గానీ, కొచినీల్ అని గానీ ఉంటే అది పురుగు రంగే. ఎండకు, వేడికి బీట్‌రూట్ రంగులా వెలిసిపోదు కాబట్టి తయారీదారులకు ఇది ఇష్టం. పాలు, పెరుగులో చక్కగా ఇముడుతుంది. బాగా పుల్లటి పానీయంలో మాత్రం మామూలు కార్మైన్ విడిపోయి అడుగుకు దిగుతుంది. స్టార్‌బక్స్ అమెరికాలో తన స్ట్రాబెర్రీ ఫ్రాపచీనోలో దీన్నే వాడేది. శాకాహారులు అభ్యంతరం చెప్పాక 2012లో టమాటా నుంచి తీసే లైకోపీన్‌కు మారింది.

చాలామంది తడబడేది పేర్ల దగ్గరే. మన రోజ్ మిల్క్ సీసాల మీద తరచూ కనిపించే కార్మోయిసిన్ (122) పేరు కార్మైన్‌కు దగ్గరగా ఉన్నా, దానికీ పురుగుకూ సంబంధం లేదు. అది రసాయనంగా తయారుచేసిన రంగు. టూటీఫ్రూటీలో ఎక్కువగా కలిపే పోన్సో 4ఆర్ (124) కూడా అంతే. ఇండిగో కార్మైన్ (132) అయితే అసలు ఎరుపే కాదు, నీలం. అంకె చూడటమే మేలు.

మన దేశంలో 2020 నాటి లేబుల్ నిబంధనల ప్రకారం పురుగుల నుంచి తీసిన దినుసు కలిస్తే అది మాంసాహారమే. ఆకుపచ్చ చుక్క కాదు, గోధుమరంగు త్రికోణం వేయాలి. తేనె, తేనెమైనం, లక్కలకు మాత్రం ఆ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. అంటే మెరిసే చాక్లెట్ గోలీల పైపూతలో లక్క (904) ఉన్నా, మిగతా దినుసులు శాకాహారమైతే వాటి మీద ఆకుపచ్చ చుక్కే ఉంటుంది.